తాత కర్ర ఎప్పుడు విరిగింది?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తొమ్మిది, పది తరగతుల తెలుగు పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక ఆదివారం ఉదయం ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి పెడుతున్నాం.)

అందరికీ కాగితాలు అందాయా? వెనక గోడ దగ్గర కూర్చున్న పిల్లలు, మీకు? ఒక కాగితం ఇద్దరు చూసుకోండి, పర్వాలేదు. పెద్దవాళ్లు కూడా తీసుకోవాలి. అమ్మా, మీరు కూడా. ఇంటికెళ్లాక పిల్లాడిని అడగాల్సింది మీరే కదా.

ఆ కాగితం మీద పదిహేను వాక్యాల చిన్న కథ ఉంది. నేనే రాశాను. గొప్ప కథేం కాదు, ఈ పూట పని కోసం రాసుకున్నది. వాక్యాలకి నంబర్లు కూడా వేశాను. ముందు ఒకసారి పైకి చదువుతాను, మీరు కళ్లతో చూస్తూ వినండి.

1. సాయంత్రం రైలు పర్లాకిమిడిలో ఆగింది. 2. అప్పన్న సంచి తీసుకుని దిగాడు. 3. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కనిపించింది. 4. ఆ చెట్టు కిందే తాత నిలబడి నాన్న కోసం ఎదురు చూసేవాడు. 5. నాన్న శనివారం శనివారం నౌపడ నుంచి చిన్న రైల్లో వచ్చేవాడు. 6. ఒక శనివారం తాతకు చేతికర్ర కనిపించలేదు. 7. మధ్యాహ్నం అప్పన్న దాంతో జామకాయలు కొట్టాడు. 8. కర్ర రెండు ముక్కలైంది. 9. ముక్కల్ని గడ్డివాములో దాచి, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి వచ్చి అన్నం తిన్నాడు. 10. తాత కర్ర లేకుండానే బయలుదేరి కాలువ దాటుతూ జారిపడ్డాడు. 11. "ఆటో కావాలా బాబూ?" 12. అప్పన్న ఉలిక్కిపడ్డాడు. 13. దారిలో బజారు దగ్గర ఆటో ఆపించి ఒక చేతికర్ర కొన్నాడు. 14. ఇంటి దగ్గర నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. 15. కర్ర చూసి, "ఆ ముక్కలు నాకు ఆ రాత్రే దొరికాయిరా" అన్నాడు.

అయిపోయింది. ఇప్పుడు కాగితం బోర్లా పెట్టండి. పెట్టారా? ఒక్క ప్రశ్న. ఈ కథలో అన్నిటికంటే ముందు జరిగిందేమిటి?

రైలు ఆగడం అన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. సిగ్గుపడక్కర్లేదు, దించకండి. కర్ర విరగడం అన్నవాళ్లు? సరే. నాన్న రైల్లో రావడం అన్నవాళ్లు? ఇద్దరు. ఆ ఇద్దరి సంగతికి తర్వాత వస్తాను, వాళ్లది తీసిపారేసే మాట కాదు.

రైలు ఆగడం అన్నవాళ్లు నేను అడగని ప్రశ్నకి జవాబు చెప్పారు. ముందు ఏం జరిగింది అని నేనడిగాను. వాళ్లు ముందు ఏం చెప్పారు అన్నదానికి జవాబిచ్చారు. జరిగింది వేరు, చెప్పింది వేరు. జరిగిన వరసని కథ అందాం, చెప్పిన వరసని కథనం అందాం. ఈ కథ ఒక జామచెట్టు దగ్గర మొదలైంది, కథనం రైల్వే స్టేషన్లో మొదలైంది. పరీక్షలో "కథ ఎలా ప్రారంభమైంది?" అని అడిగితే రైలు అని రాయాలి. "మొదట జరిగిన సంఘటన ఏది?" అంటే రైలు అని రాయకూడదు. రెండు ప్రశ్నలూ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. పేపరు ఇచ్చేవాడికి ఆ సంగతి తెలుసు, అందుకే ఒకే పేపర్లో రెండూ ఇస్తాడు.

ఇది ఇవాళ పుట్టిన తమాషా కాదు. మహాభారతం ఎలా మొదలవుతుంది? పాండవులు పుట్టడంతో మొదలవుతుందా? లేదు. నైమిశారణ్యంలో సూతుడు వచ్చి శౌనకాది మునులకి కథ చెబుతాడు. ఆయన చెప్పేది ఏమిటి? జనమేజయుడి సర్పయాగంలో వైశంపాయనుడు చెప్పిన కథ. ఆ వైశంపాయనుడు చెప్పేది జనమేజయుడి ముత్తాతల కథ. అంటే మనం గుమ్మంలో అడుగుపెట్టగానే మూడు తరాలు వెనక్కి మెట్లు దిగుతాం. మన అమ్మమ్మలు అలా వింటూనే పెరిగారు, ఎవరూ తికమకపడలేదు. మరి పరీక్ష హాల్లో మన పిల్లలు ఎందుకు తికమకపడుతున్నారు? వినేటప్పుడు చెప్పేవాడి గొంతు మారుతుంది, చెయ్యి వెనక్కి ఊపుతాడు, "అప్పట్లో" అని సాగదీస్తాడు. కాగితం మీద గొంతు ఉండదు, చెయ్యి ఉండదు. క్రియ చివర ఉండే చిన్న చిన్న రూపాలే ఆ పని చేయాలి. అందుకని ఇవాళ ఆ రూపాల్నే పట్టుకుందాం.

ఇప్పుడు కాగితం తిప్పండి. 3 నుంచి 4కి వెళ్లేటప్పుడు ఏమైందో చూడండి. 1, 2, 3 వాక్యాల చివర ఆగింది, దిగాడు, కనిపించింది. 4కి వచ్చేసరికి? చూసేవాడు. 5లో? వచ్చేవాడు. ఈ "ఏవాడు" ఉంది చూశారూ, ఇదే వెనక్కి వెళ్లే తలుపు. ఎన్నోసార్లు జరిగి, ఆగిపోయిన పనిని చెబుతుంది. ఆగింది, దిగాడు అని గబగబా నడుస్తున్న కథలో హఠాత్తుగా చూసేవాడు అని వచ్చిందంటే కథకుడు మనల్ని పాతరోజుల్లోకి తీసుకెళ్లాడన్నమాట. ఆ తలుపుకి గడియ ఏమిటి? వేపచెట్టు. అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. జ్ఞాపకంలోకి దిగడానికి కథకులు ఎక్కువగా ఇలాంటి వస్తువునే వాడతారు, రెండు కాలాల్లోనూ ఉండే వస్తువు.

ఇక 6 చూడండి. "ఒక శనివారం." శనివారం శనివారం అన్నది కాస్తా ఒక శనివారం అయింది. అలవాటులోంచి ఒకే ఒక్క రోజుకి దిగాం. దిగగానే క్రియ ఏమైంది? "కనిపించలేదు." ఇక అక్కణ్ణించి కొట్టాడు, తిన్నాడు, పడ్డాడు. అన్నీ మామూలు భూతకాలమే. చూసేవాడు, వచ్చేవాడు అన్నవి మనల్ని లోపలికి దింపి తప్పుకున్నాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. 2లో "దిగాడు", 7లో "కొట్టాడు". రూపం ఒకటే. ఒకటి ఆ సాయంత్రం, ఇంకోటి ఎన్నో ఏళ్ల క్రితం. క్రియని చూసి చెప్పలేం.

మన ఊళ్లో పిల్లలకి ఇంకో చిన్న ఇబ్బంది ఉంది. ఇది పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, గుణుపురం పిల్లలకే ప్రత్యేకం. మీరంతా బళ్లో ఒడియా చదువుతున్నారు. ఒడియాలో ఆసిలా అంటే ఏమిటి? వచ్చాడు. ఆసిథిలా అంటే? ఎవరు చెబుతారు? ఆ, వచ్చి ఉండెను, అంతకు ముందే వచ్చాడు. రెండింటికీ రెండు రూపాలు ఉన్నాయి. కర్ర విరిగింది అనడానికి భాంగిలా అంటారు, అప్పటికే విరిగి ఉంది అనడానికి భాంగిథిలా అంటారు. ఒడియాలో ఈ కథే రాస్తే 7, 8, 9 వాక్యాల్లో "థిలా" వాడొచ్చు. అది చూడగానే పిల్లాడు ఇది వెనకటిది అని పట్టుకుంటాడు. తెలుగులో ఆ దీపం లేదు. "వచ్చి ఉండెను" అని గ్రాంథికంగా రాయొచ్చు గానీ ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతామా? తాత వచ్చి ఉండెను అని అమ్మతో అంటే జ్వరం వచ్చిందేమో అని నుదురు పట్టుకు చూస్తుంది. ఇది గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు, ఇక్కడ నిలబడి ఆ రూపం రాయండని నేను చెప్పను. మనం "అప్పటికే వచ్చాడు" అంటాం, "అంతకు ముందే వచ్చేశాడు" అంటాం. అంటే ముందు వెనకల బరువు క్రియ మీద కాకుండా పక్కనున్న చిన్న మాట మీద పెడతాం. ఒక్కోసారి ఆ చిన్న మాట కూడా పెట్టం. 7లో నేను కావాలనే పెట్టలేదు. "మధ్యాహ్నం" అన్నాను, అంతే.

మరి ఆ ఒక్క మాటతో ఎలా పట్టుకోవాలి? 6లో తాతకి కర్ర కావాల్సింది ఎప్పుడు? స్టేషనుకి బయలుదేరేటప్పుడు. అప్పన్న దిగింది సాయంత్రం రైలు, కాని తాత ఎదురెళ్లిన రైలు ఎప్పటిదో కథలో లేదు. సరిగ్గా చూడండి, లేదు. అయినా ఒకటి తెలుస్తుంది. 9లో అప్పన్న అన్నం తిన్నాడు, 10లో తాత "కర్ర లేకుండానే" బయలుదేరాడు. విరిగిన కర్రే కనిపించకుండా పోయింది. కనిపించకపోవడానికి కారణం విరగడం. కారణం తర్వాత, ఫలితం ముందు జరగదు కదా? అందుకని 7, 8, 9 మూడూ 6 కంటే ముందు. కథకుడు ఫలితం చెప్పి, వెనక్కి తిరిగి కారణం చెప్పాడు. కాలాన్ని చెప్పే మాట దొరకనప్పుడు "ఇలా ఎందుకైంది?" అని ఒకసారి అడిగి చూసుకోండి. జవాబుగా వచ్చిన వాక్యం ముందు జరిగినది అవుతుంది.

బోర్డు మీద గీస్తాను. మూడు మెట్లు, మన అరుగు మెట్లలాగే. పై మెట్టు అప్పన్న రైలు దిగిన రోజు. మధ్య మెట్టు ఆ శనివారం తాత బయలుదేరిన వేళ. కింది మెట్టు అదే శనివారం మధ్యాహ్నం. ఇప్పుడు వాక్యాల నంబర్లని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో మీరే చెప్పండి. 1, 2, 3? పైన. 6? మధ్యలో. 7, 8, 9? కింద. 10? మళ్లీ మధ్యలోకి ఎక్కాం. 11? ఎవరో పైన అన్నారు, సరే, ఎందుకు? "ఆటో కావాలా" అన్నది ఎవరు, ఎక్కడ? స్టేషన్ బయట ఆటోవాడు, ఇవాళ. జ్ఞాపకంలోంచి బయటికి రావడానికి కథకులు ఎక్కువగా ఏదో చప్పుడు వాడతారు. పిలుపో, హారనో, తలుపు కొట్టడమో. లోపలికి దిగడానికి కంటికి కనిపించేది, బయటికి రావడానికి చెవికి వినిపించేది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందని కాదు, చాలాసార్లు ఉంటుంది. 12లో ఉలిక్కిపడ్డాడు అన్నది ఆ బయటికి రావడమే. 13, 14 పైనే.

4, 5 ఏ మెట్టు? ఇందాక నాన్న రైల్లో రావడం ముందు అన్న ఇద్దరూ, ఇప్పుడు మీ వంతు. అది ఒక మెట్టు మీద కూర్చోదు. ఎన్నో శనివారాల్లో జరిగింది. కర్ర విరగక ముందూ జరిగింది. ఆ తర్వాత కూడా జరిగి ఉండొచ్చు. అందుకని దాన్ని చుక్కలా పెట్టకండి, మెట్ల పక్కనే ఇలా అలలాగా ఒక గీత గీయండి. క్రమంలో పెట్టమన్న సంఘటనల్లో ఇలాంటి అలవాటు వాక్యం మామూలుగా ఇవ్వరు. ఇస్తే మొదట పెట్టడమే మేలు, ఎందుకంటే "ఒక శనివారం" అన్న మాటకి ఆ అలవాటు ముందునుంచీ ఉందని అర్థం. కాబట్టి మీ ఇద్దరూ చెప్పింది తప్పనలేను. కాని ఒక్క "సంఘటన" అడిగినప్పుడు అలవాటు చెప్పకండి.

ఇక మిగిలింది 15. ఇది ఎక్కడ పెడతారు? పైన అంటున్నారు. సగం ఒప్పు. "అన్నాడు" పైన ఉంది, "దొరికాయి" పైన లేదు. కొటేషన్ లోపల ఇంకో కాలం ఉంది. ఆ రాత్రే అంటున్నాడు నాన్న. ఏ రాత్రి? శనివారం రాత్రి. అంటే ఈ వాక్యాన్ని రెండుగా కోసుకోవాలి. అన్నది పై మెట్టు మీదికి, దొరికింది మధ్య మెట్టుకి కొంచెం పైన, తాత పడ్డ తర్వాత. కథలో ఆఖరున చెప్పింది నిజానికి మధ్యలో జరిగింది. ఫ్లాష్‌బ్యాక్ అంటే సినిమాలో తెర మీద రింగులు రింగులుగా వచ్చేదే అనుకుంటారు. ఇక్కడ రింగుల్లేవు, ఒక ముసలాయన నోట్లోంచి మూడు మాటలు వచ్చాయి, అదీ ఫ్లాష్‌బ్యాకే. పేపర్లలో పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. సంభాషణలో, ఉత్తరంలో, డైరీలో వచ్చే పాత సంగతి.

నేనూ జారాను, చెప్పేస్తాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక బళ్లో క్వార్టర్లీ పేపరు నేనే తయారు చేశాను, కీ కూడా నేనే రాశాను. కథలో ఒక పెళ్లి, చివర ఒక ఉత్తరం ఉన్నాయి. ఉత్తరంలో ఉన్న సంఘటనని కీలో ఆఖరి సంఘటనగా వేశాను. ముప్పయ్యో ఎంతో మంది నా కీ ప్రకారమే రాశారు. ఒక అమ్మాయి మాత్రం ఉత్తరంలోది రెండో స్థానంలో పెట్టింది. మార్కు కొట్టేశాను. మర్నాడు వచ్చి, "మాస్టారూ, ఉత్తరం మీద తారీకు చూడండి" అంది. చూశాను. పెళ్లికి ముందు తారీకు. అందరి పేపర్లూ మళ్లీ దిద్దాల్సి వచ్చింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇంటికెళ్లి మాస్టారు మార్కులు తగ్గించేశారని ఏడ్చారట. అదో గొడవ.

సరే. ఇప్పుడు ప్రశ్న. కాగితం కింద అయిదు సంఘటనలు ఇచ్చాను. అ, నాన్నకు కర్ర ముక్కలు దొరికాయి. ఆ, తాత కాలువ దగ్గర పడ్డాడు. ఇ, అప్పన్న కొత్త కర్ర కొన్నాడు. ఈ, తాతకు కర్ర కనిపించలేదు. ఉ, కర్ర విరిగింది. జరిగిన క్రమంలో పెట్టండి.

చదివిన వరసలోనే పెడితే ఏం వస్తుంది? కనిపించలేదు, విరిగింది, పడ్డాడు, కొన్నాడు, దొరికాయి. ఈ, ఉ, ఆ, ఇ, అ. రెండు చోట్ల తప్పు. మెట్ల మీద చూసి పెడితే? విరిగింది, కనిపించలేదు, పడ్డాడు, దొరికాయి, కొన్నాడు. ఉ, ఈ, ఆ, అ, ఇ. చేసేటప్పుడు అయిదింటినీ ఒకేసారి బుర్రలో తిప్పకండి. రెండేసి పట్టుకోండి. కనిపించకపోవడం, విరగడం. ఏది ముందు? విరగడం. పడటం, దొరకడం. "ఆ రాత్రే" దొరికాయి, తాత స్టేషనుకి వెళ్తూ పడ్డాడు, నాన్న ఇంకా రైలు దిగలేదు. కాబట్టి పడటం ముందు. ఆ ఒక్కటీ ఆలోచించాల్సింది. నాన్న శనివారం రైల్లో వస్తాడన్న 5వ వాక్యం లేకపోతే ఇది తేలేది కాదు. ఇందాక అలగా గీసి పక్కన పెట్టిన వాక్యమే ఇక్కడ పనికొచ్చింది.

ఇంకో రూపం గురించి రెండు మాటలు చెప్పాలి, మీ పదో తరగతి వ్యాకరణంలో ఉన్నదే. క్త్వార్థకం, శత్రర్థకం అని బట్టీపట్టారు కదా? చేసి, వచ్చి, తిని, ఇవి క్త్వార్థకాలు. చేస్తూ, వస్తూ, ఇవి శత్రర్థకాలు. మార్కుల కోసం చదివారు, కథ చదివేటప్పుడు ఎవరూ వాడరు. 9 చూడండి. "దాచి, వచ్చి, తిన్నాడు." ఒక్క వాక్యంలో మూడు పనులు, వరసగా. దాచాకే వచ్చాడు, వచ్చాకే తిన్నాడు. ఆ వరసని మార్చడానికి లేదు. 10లో "దాటుతూ జారిపడ్డాడు." దాటడం అయ్యాక పడ్డాడా? కాదు, దాటుతుండగా. కాలువ అవతలి గట్టు మీద పడ్డాడని రాస్తే తప్పు. ఒక్క "తూ" మీద ఆధారపడి ఉంది ఆ జవాబు.

అయితే "చేసి" అన్నది ఎప్పుడూ వరసే చెబుతుందనుకోకండి. 4లో "తాత నిలబడి ఎదురు చూసేవాడు". నిలబడటం అయిపోయాక ఎదురు చూశాడా? నిలబడే ఉన్నాడు. 14లో "కూర్చుని ఉన్నాడు" అంటే అప్పన్న వచ్చాక కూర్చోలేదు, వచ్చేసరికే కూర్చున్నాడు. నిలబడటం, కూర్చోవడం, పట్టుకోవడం, వేసుకోవడం, ఇలాంటి మాటల్లో పని అయిపోయినా స్థితి మిగిలి ఉంటుంది. సంచి తీసుకుని దిగాడు అంటే సంచి ఇంకా చేతిలోనే ఉంది. మీరు వీటిని విడివిడి సంఘటనలుగా విడగొట్టి "మొదట కూర్చున్నాడు, తర్వాత ఉన్నాడు" అని రాయకండి. నవ్వుతున్నారు గాని, రాసినవాళ్లున్నారు.

ఇంకో మాట, జముకుల కథ విన్న పెద్దవాళ్లకి తెలుస్తుంది. కథలో "అదక్కడ అలా ఉండగా" అని వచ్చిందనుకోండి, అది వెనక్కి వెళ్లడం కాదు, పక్కకి వెళ్లడం. అదే సమయంలో ఇంకోచోట జరిగేది. అక్కడ కొత్త మెట్టు గీయక్కర్లేదు, అదే మెట్టు మీద పక్కన రాసుకోండి. అంతే, దాన్ని అక్కడ వదిలేద్దాం.

ఇక జవాబు రాయడం. "అప్పన్న కొత్త కర్ర ఎందుకు కొన్నాడో జరిగిన క్రమంలో అయిదారు వాక్యాల్లో రాయండి." ఇలాంటి ప్రశ్నకి చాలామంది ఏం చేస్తారంటే, కథలో వాక్యాల్ని ఉన్నవి ఉన్నట్టు ఎత్తి, స్థలాలు మార్చి అతికిస్తారు. 7, 8, 9, 6, 10, అలా. వరస సరిపోతుంది, జవాబు మాత్రం కుంటుతుంది. ఎందుకో చూడండి. 7తో మొదలుపెడితే "మధ్యాహ్నం అప్పన్న దాంతో జామకాయలు కొట్టాడు." దాంతో అంటే దేంతో? కర్ర అన్నమాట 6లో ఉండిపోయింది. ఏ మధ్యాహ్నం? శనివారం కూడా 6లోనే ఉంది. వాక్యం చోటు మారితే దాని వెనక ఆధారపడ్డ మాటలు తెగిపోతాయి. వాటిని మీరు కట్టుకోవాలి. 15లో నాన్న "నాకు దొరికాయిరా" అంటాడు. మీరు జవాబులో "నాకు దొరికాయి" అని రాస్తే దిద్దేవాడు ఎవరికి అని అడుగుతాడు. "నాన్నకు" అని మార్చాలి, "రా" తీసేయాలి. 12లో ఉలిక్కిపడ్డాడు అన్నది క్రమంలో రాసేటప్పుడు అవసరమే లేదు. జ్ఞాపకంలోంచి లేవడానికి పెట్టిన మాట అది, మీరు జ్ఞాపకంలోకే దిగడం లేదు కదా.

రాసి చూపిస్తాను. "అప్పన్న చిన్నప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం తాత చేతికర్రతో జామకాయలు కొట్టాడు. కర్ర విరగడంతో ముక్కల్ని గడ్డివాములో దాచాడు. ఆ రోజే తాత నాన్నకు ఎదురెళ్లబోతే కర్ర కనిపించలేదు. కర్ర లేకుండానే వెళ్లి, కాలువ దాటుతూ జారిపడ్డాడు. ఆ రాత్రి ముక్కలు నాన్నకు దొరికాయి. చాలా ఏళ్ల తర్వాత అప్పన్న ఊరికి వచ్చి, వేపచెట్టు చూసి అదంతా గుర్తు చేసుకుని కర్ర కొన్నాడు." ఆరు వాక్యాలు. ఎన్ని "తర్వాత"లు ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కటే, అదీ ఏళ్లు గడిచినచోట. ప్రతి వాక్యం ముందూ "తర్వాత, తర్వాత" అని పెట్టిన జవాబులు నేను వందల్లో దిద్దాను. ప్రతిచోటా పెడితే ఏళ్ల గడువుకీ, నిమిషం గడువుకీ తేడా పోతుంది. శనివారం, ఆ రోజే, ఆ రాత్రి, చాలా ఏళ్ల తర్వాత. ఈ నాలుగు మేకులు కొడితే వరస కదలదు.

"చిన్నప్పుడు", "చాలా ఏళ్ల తర్వాత" కథలో ఎక్కడున్నాయి మాస్టారూ అని ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మాటగా లేవు. జామకాయలు కొట్టి ముక్కలు దాచి తాతకి చెప్పకపోవడం చిన్నపిల్లాడి పని, అప్పట్లో తాత ఎదురు చూసిన నాన్నే ఇప్పుడు అరుగు మీద కూర్చున్నాడు. ఇంకో ఆధారం ఉంది, అది పెద్దవాళ్లకే తగిలింది. చిన్న రైలు. రాజావారి కాలంలో వేసిన నౌపడ లైను, 1900లో మొదలైంది, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. 2011లో పెద్ద లైను మీద రైలు వచ్చింది. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పిల్లలెవరికీ చిన్న రైలు గుర్తుండదు. వెనక కూర్చున్న తాతగారికి గుర్తుంది, చూడండి తలూపుతున్నారు. కాబట్టి "చాలా ఏళ్లు" అనడానికి ధైర్యం ఉంది. "ఇరవై అయిదేళ్లు" అని రాయడానికి లేదు. అంకె కథలో లేదు, మీరు ఇంట్లోంచి తేవద్దు.

అలాగే, నాన్న ఆ రోజు స్టేషన్లో ఒక్కడే దిగి నడిచి వచ్చాడని ఒకబ్బాయి రాశాడు ఇందాక నాకు చూపించిన కాగితంలో. బాగానే ఊహించాడు. కథలో లేదు. తాత పడ్డాక ఎవరైనా లేపారా, స్టేషనుకి వెళ్లారా, ఇవేవీ చెప్పలేదు. క్రమంలో రాయమంటే మధ్యలో ఖాళీలు ఉంటాయి, వాటిని పూడ్చడం మీ పని కాదు.

ఎవరైనా అడగాలంటే అడగండి. ఆ, నువ్వు చెప్పమ్మా. గట్టిగా. "ముక్కలు దొరికినా నాన్న ఎందుకు చెప్పలేదు మాస్టారూ, అది ఏ మెట్టు మీద పెట్టాలి?" చూశారా, అడిగింది. చెప్పలేదు అన్నది ఒక సంఘటన కాదమ్మా. దొరికిన రాత్రి మొదలై అరుగు మీద నోరు విప్పేదాకా అన్ని మెట్ల పొడుగునా ఉంది. ఇందాక 4, 5 వాక్యాలకి అల గీత గీశాం కదా, దాని పక్కన ఇంకోటి గీసుకో. ఎందుకు చెప్పలేదంటే, రాసినవాణ్ణి నేనే గాని నాకూ తెలీదు.

ఇంకో ప్రశ్న? "కర్ర ఎవరి కోసం కొన్నాడు?" తాత ఉన్నాడా లేడా కథలో చెప్పలేదు. నాన్న కోసమో, తాత కోసమో, ఊరికే చేతులు ఆగక కొన్నాడో. పేపర్లో ఆ ప్రశ్న వస్తే రెండు మాటలూ రాసి, ఏ వాక్యం చూసి అంటున్నావో నంబరు వెయ్యి. ఇక్కడైతే పన్నెండు అయింది, టీలు చల్లారిపోతున్నాయి. రెండో కాగితం వెనక పేజీలో ఇంకో కథ ఉంది, దాంట్లో ఒక డైరీ ఉంది, డైరీలో ఒక ఉత్తరం ఉంది. నాలుగు మెట్లు గీయాల్సి వస్తుంది. వచ్చే ఆదివారం గీసుకుని తెండి.